మాటల్లో ఒకటి, అంకెల్లో ఒకటి

రమ్యశ్రీకి భయం పుట్టుకతో వచ్చిందని వాళ్ళత్తగారు రాజ్యలక్ష్మి ఊరంతా చెప్పుకుని నవ్వేది. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. రెండేళ్ళ కూతురు శ్రావ్య నిద్రలో గట్టిగా ఊపిరి తీస్తే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. "మా కోడలు నీళ్ళు కూడా రెండుసార్లు లెక్కెట్టి తాగుద్దమ్మా" అనేది అత్తగారు. ఆంధ్రా నుంచి వలస వచ్చి కాలవ కింద వరి పండించుకునే క్యాంపు జనానికి అదో కాలక్షేపం.

అట్లాంటి పిల్లకు రాయచూరు జిల్లా మాన్విలోని తుంగవాణి పారామెడికల్ కాలేజీ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. దొరకడానికి కారణం కూడా ఆ భయమే. పెద్ద గుమాస్తా విరూపాక్ష ఆమెను అడిగిందల్లా ఒకటే ప్రశ్న.

"ఇంటికి తాళం వేసి వచ్చినవా అమ్మా?"

"వేశానండి. మళ్ళీ లాగి చూశాను. బస్సెక్కేముందు మా అత్తయ్యకి ఫోన్ చేసి, వెనక తలుపు కూడా చూడమన్నాను."

విరూపాక్ష పడీపడీ నవ్వాడు. "గిట్లాంటోళ్ళే గావాలె నాకు. ధైర్యమున్నోళ్ళు ఈ కుర్చీల కూసుంటే కాలేజీ మునుగుతది" అన్నాడు. పెళ్ళి మూలంగా సెకండ్ పీయూసీ, అదే ఇంటర్ రెండో ఏడాది, సగంలో ఆపేసిన సంగతి ఆమె గొంతు తగ్గించి చెప్పబోతే, "అది నేను అడగలే గదా" అని కాగితాల్లో తల దూర్చాడు. ఆ మాటకు రమ్యశ్రీ ఆ రోజు నుంచీ లోలోపల దణ్ణం పెట్టుకుంటూనే ఉంది.

విరూపాక్ష రాయచూరు పాతకాపు. అక్కడి తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే నోట్లో కలిపి నమిలే మనిషి. ఫీజు నగదుగా తీసుకోకూడదని ఆ కాలేజీ నియమం. డిమాండు డ్రాఫ్టు తేవాలి. తెచ్చిన డ్రాఫ్టును ఎట్లా చూడాలో ఆమెకు నేర్పింది ఆయనే.

"కండ్లతోని చూడొద్దు. నోటితోని సదువు. కట్టినోళ్ళు ఇనాలె" అనేవాడు. మొదట ఎవరి పేరు మీద తీశారో చదవాలి. తర్వాత తేదీ. ఆ తేదీ నుంచి మూడు నెలలే దానికి ఆయుష్షు. ఆ తర్వాత సొమ్ము మొత్తం మాటల్లో ఎట్లా రాశారో, అంకెల్లో ఎట్లా వేశారో చదివి, తెచ్చినవాళ్ళ నోటితో కూడా ఆ మొత్తం చెప్పించాలి. అప్పుడే రసీదు.

చాదస్తం అనుకునేవాళ్ళు లైన్లో చాలామందే ఉండేవాళ్ళు. కానీ ఆ చాదస్తం ఎన్ని కొంపలు నిలబెట్టిందో రమ్యశ్రీ కళ్ళారా చూసింది. యాపలదిన్ని నుంచి వచ్చిన ఒకాయన, బ్యాంకు ఫారంలో 'ఎవరి పేరున' అన్నచోట కాలేజీ పేరు రాయాల్సింది పోయి తన పేరే రాసుకొచ్చాడు. కట్టేది నేనే కదా అన్నది ఆయన లెక్క. "బాగుంది సాబ్, నీ ఫీజు నువ్వే తీస్కో" అని విరూపాక్ష ఆయన్ని నవ్విస్తూనే వెనక్కి పంపాడు. ఇంకొకావిడ ఉగాదినాడు మంచిరోజని తీసిన డ్రాఫ్టును దేవుడి పటం వెనక దాచి, బొట్టు పెట్టి మరీ భాద్రపదంలో పట్టుకొచ్చింది. విరూపాక్ష వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టి, "దేవుడు కాపాడిండు గాని, తారీఖు కాపాడలేదమ్మా. తీసిన బ్యాంకుకే పోయి అర్జీ ఇయ్యి, గడువు మళ్ళా కట్టి ముద్రేసి ఇస్తరు. పైసలు ఏడికీ పోవు" అని దారి చెప్పాడు.

ఇంకో నియమం ఉంది. అది ఆయనకు ప్రాణం.

"నడుమ ఎవలన్న పిలిస్తే, ఫోన్ మోగితే, ఇల్లు కాలినా సరే, మళ్ళ మొదట్నుంచి సదవాలె. ఆపిన కాడ్నుంచి కాదు. వ్రతం కథ నడుమల లేస్తే ఏంజేస్తరు? మళ్ళ మొదలు పెడ్తరు గదా. గట్లనే."

రమ్యశ్రీ ఆ నియమాన్ని ఎనిమిది నెలలు ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పింది ఒక్క రోజే. అది అడ్మిషన్లు మూసే ముందురోజు.

ఆ పొద్దున శ్రావ్య ఒళ్ళు పెనంలా కాలుతుంటే వదిలి వచ్చింది. మనసు క్యాంపులోనే ఉండిపోయింది. పదకొండు గంటలప్పుడు జాలహళ్ళి నుంచి ఒక రైతు, ఆయన కూతురు వచ్చారు. ఆయన పేరు సుంకప్ప, పిల్ల పేరు సహన. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో సీటు వచ్చింది. పిల్ల రెండు జడలు వేసుకుని, చెప్పులు బయటే విప్పి లోపలికి వచ్చింది. ఆ చెప్పులు చూస్తే రమ్యశ్రీకి గుండె కలుక్కుమంది. తనూ కాలేజీకి మొదటి రోజు అట్లాగే వెళ్ళింది.

సుంకప్ప బనీను జేబులోంచి, ప్లాస్టిక్ కవరులోంచి, మడతలు విప్పి విప్పి డ్రాఫ్టు తీశాడు. దేవదుర్గలోని ఒక చిన్న సహకార బ్యాంకుది. అందరివీ ప్రింటు చేసి ఉంటాయి, ఇది మాత్రం నీలం సిరాతో చేత్తో రాసి ఉంది.

"మిషన్ కరాబైంది అన్రు తల్లీ. చేత్తోనే రాసిచ్చిన్రు. నడుస్తది గదా?" అని అడిగాడు సుంకప్ప.

"నడుస్తుందండి, సంతకాలు, ముద్ర ఉన్నాయిగా. నేను చదువుతాను వినండి" అని ఆమె మొదలుపెట్టింది. "ప్రిన్సిపాల్, తుంగవాణి పారామెడికల్ కాలేజీ, మాన్వి. సరిపోయింది. తేదీ... మొన్నటిది. గడువు మూడు నెలలూ ఉంది."

ఫోన్ మోగింది. అత్తగారు.

"రమ్యా, కంగారు పడకు. పిల్లకి నూటరెండు దాటింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా. నీకు చెప్పకపోతే మళ్ళీ నన్నే అంటావని చెప్పా."

"తడిగుడ్డ వేశారా అత్తయ్యా? నీళ్ళు తాగిందా? ఫిట్సు గానీ..."

"నోరు ముయ్యి. అట్టాంటి మాటలు అనకూడదు. పని చూసుకో" అని పెట్టేసింది రాజ్యలక్ష్మి.

రమ్యశ్రీ డ్రాఫ్టు వైపు మళ్ళీ చూసింది. కుడిపక్క గళ్ళో అంకెలు కనపడ్డాయి. 38,500. ఫీజు ముప్ఫై ఎనిమిది వేల ఐదు వందలే. "సరిపోయిందండి" అంది. సుంకప్పతో మొత్తం చెప్పించలేదు. రసీదు కొట్టి ఇచ్చేసింది. సహన రెండు చేతులూ జోడించి "థ్యాంక్స్ అక్కా" అని, బయట చెప్పులేసుకుని, తండ్రి వెనకాల గెంతుతూ వెళ్ళిపోయింది.

సాయంత్రం నాలుగింటికి మర్నాడు బ్యాంకులో వేయాల్సిన డ్రాఫ్టులన్నీ పేర్చుకున్నారు. విరూపాక్ష మాటలు చదువుతాడు, రమ్యశ్రీ జాబితాలో అంకెలు చూసి టిక్కు పెడుతుంది. అదీ ఆయన పెట్టిన పద్ధతే. అప్పటికి శ్రావ్యకు జ్వరం తగ్గుముఖం పట్టిందని కబురొచ్చింది. ఆమె కాస్త తేలికపడి టిక్కులు కొడుతోంది.

"ముప్పై అయిదు వేల ఎనిమిది వందలు" అన్నాడు విరూపాక్ష.

టిక్కు కొట్టబోయిన పెన్ను గాల్లోనే ఆగింది. "ముప్ఫై ఎనిమిది వేల ఐదు వందలండి."

"నేను సదివింది అది కాదు."

ఇద్దరూ కలిసి వంగి చూశారు. నీలం సిరా. అంకెల్లో 38,500. ఇంగ్లీషు మాటల్లో మాత్రం ముప్ఫై ఐదు వేల ఎనిమిది వందలు మాత్రమే. రాసినవాడి చేతిలో ఎనిమిదీ ఐదూ చోట్లు మార్చుకున్నాయి.

రమ్యశ్రీ పెన్ను కింద పెట్టింది. "మధ్యలో ఫోన్ వచ్చిందండి. మళ్ళీ మొదట్నుంచి చదవలేదు. ఆపిన చోటి నుంచి కూడా చదవలేదు, అంకెలు చూసి వదిలేశాను."

విరూపాక్ష కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కోప్పడితే బాగుండునని ఆమెకు అనిపించింది. ఆయన కోప్పడలేదు.

"ఇట్లనే వేసేస్తే ఏమవుతుందండి?"

"రెండూ వేరైతే మాటలదే చెల్లుబాటు అంటది కానూను. గట్లయితే ఫీజు రెండువేల ఏడు వందలు తక్కువ పడ్డట్టు. కాని బ్యాంకోళ్ళు ఆ పంచాయితీ పెట్టుకోరు. మాటలు, అంకెలు కలుస్తలేవని చీటీ కుట్టి వాపస్ పంపుతరు. అది తిరిగి వచ్చేసరికి నాలుగు రోజులు. రేపు ఒంటిగంటకు లిస్టు మూసి ప్రిన్సిపాల్ మేడమ్ దస్కత్ పెడ్తది, ఆ లోపల సరైన డ్రాఫ్టు ఉండాలె. ఫీజు పడనోళ్ళ సీటు వెయిటింగుల ఉన్నోళ్ళకు పోతది."

"సరిచేయించలేమా?"

"డ్రాఫ్టు మీద దిద్దుడు పనికిరాదు బిడ్డా. తీసిన బ్యాంకులనే రద్దు చేసి కొత్తది తీయాలె. ఈ అసలు కాగితం అక్కడికి పోవాలె. తీసినాయన కూడ ఉండాలె, అర్జీ ఆయనే ఇయ్యాలె."

డ్రాఫ్టు మాన్విలో. బ్యాంకు దేవదుర్గలో. మనిషి జాలహళ్ళిలో. రమ్యశ్రీకి ఆ రెండు జడలు, గడప బయట చెప్పులు కళ్ళముందు మెదిలాయి. సీటు పోతే ఒక సంవత్సరం పోయినట్టే. ఆడపిల్లకు ఒక సంవత్సరం ఇంట్లో ఉండటమంటే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. తనకు కూడా 'ఒక్క ఏడాదే కదా, తర్వాత చదువుకోవచ్చు' అనే చెప్పారు.

సుంకప్ప ఫోన్ అందలేదు. అప్లికేషనులో సహన రాసిన నంబరుకు ఆరుసార్లు చేస్తే ఏడోసారి పలికింది. విషయం చెప్పగానే అవతల పిల్ల ఏడుపు. తర్వాత సుంకప్ప గొంతు.

"ఏం గావాలె చెప్పు తల్లీ. రాత్రికే బయల్దేరమంటే బయల్దేరుత."

"వద్దండి. పొద్దున పదింటికి మీ బ్యాంకు తలుపు తీసేసరికి మీరిద్దరూ అక్కడుండండి. మీ ఆధార్, డబ్బు కట్టిన చీటీ తెచ్చుకోండి. డ్రాఫ్టు నేను తెస్తాను."

ఫోన్ పెట్టేశాక గానీ తనేమందో తనకు తెలియలేదు. విరూపాక్ష కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఇంట్ల పిల్లకు బాగలేదంటివి. నేను పోత తియ్యి."

"రేపు చివరి రోజండీ, మీరు లేకపోతే ఇక్కడ కౌంటరు ఆగిపోతుంది. చదవకుండా వదిలింది నేను."

ఆయన డ్రాఫ్టుకు జిరాక్సు తీయించి, ఏ పని మీద ఎవరి చేతికిచ్చారో రిజిస్టరులో రాసి ఆమె చేత సంతకం పెట్టించుకున్నాడు. తర్వాత సొరుగులోంచి రెండు వంద రూపాయల నోట్లు తీసి ఇచ్చాడు. "బస్సు కిరాయి. నాది. లెక్కల రాయకు."

ఇంటికి వెళ్ళి అత్తగారికి ఎట్లా చెప్పాలా అని దారంతా కుమిలిపోయింది. శ్రావ్య అత్తగారి ఒళ్ళో బార్లీ నీళ్ళు తాగుతోంది. సంగతంతా విని రాజ్యలక్ష్మి మూతి తిప్పింది.

"అయితే నేను చేసిన ఫోన్ వల్లన్నమాట ఆ పిల్ల సీటు గల్లంతయ్యింది?"

"అట్లా అనలేదత్తయ్యా."

"నువ్వనవులే. పొద్దున్నే వెళ్ళు. నేను పిల్లల్ని పెంచనిదాన్నా ఏంటి? నీ మొగుణ్ణి నేనే పెంచా, బాగానే ఉన్నాడుగా." శ్రావ్య మూతి తుడుస్తూ మళ్ళీ అంది. "నీకు చదువు ఆపించిన పెద్దల్లో నేనూ ఉన్నాలే. వెళ్ళిరా."

రమ్యశ్రీ అత్తగారి చేతిలోంచి గ్లాసు తీసుకుని కడగడానికి వెళ్ళింది.

పొద్దున తొమ్మిదిన్నరకల్లా దేవదుర్గ చేరింది. బస్సులో సంచిలోకి చెయ్యి పెట్టి కవరు ఉందో లేదో ఎన్నిసార్లు తడుముకుందో లెక్కలేదు. పక్కసీటు ముసలమ్మ "ఏంది బిడ్డా, పిల్లి పిల్లను ఏసుకొచ్చినవా సంచిల?" అని అడిగింది కూడా.

బ్యాంకు మెట్ల మీద సుంకప్ప, సహన అప్పటికే కూర్చుని ఉన్నారు. రమ్యశ్రీ ఎదురుగా నిలబడి, ముందుగా చెప్పాల్సింది చెప్పేసింది. దాచిపెడితే ఆ కవరు ఇంకా బరువయ్యేటట్టుంది.

"నిన్న మీ ముందే చదవాల్సిందండి నేను. ఫోన్ వస్తే మళ్ళీ మొదట్నుంచి చదవాలి, నేను సగంలో వదిలేశాను. నిన్నే చూసుంటే మీకు ఇంత పరుగు ఉండేది కాదు. తప్పు నాదే."

సుంకప్ప ఆమెను విచిత్రంగా చూశాడు. "రాసినోడు ఈ బ్యాంకోడు. రెండు దినాలు జేబుల పెట్టుకొని తిరిగినోన్ని నేను. సదువుకున్న నా బిడ్డ సూడలే. సూసినోళ్ళు మీరొక్కరే. మీదెట్లయితది తప్పు? నాకు బ్యాంకులు ఇన్నేండ్లల ఫోన్ చేసింది కిస్తు కట్టమననీకే తల్లీ. నీ కాగితం సరిగ లేదు, సరి చేస్త రా అని పిలిచినోళ్ళు లేరు."

పదయ్యింది. కౌంటరులో మౌనేశ్ అనే కుర్ర ఆఫీసరు డ్రాఫ్టు చూసి నాలిక్కరుచుకున్నాడు. ఆ సిరా అతనిదే. "మాటలు కొట్టేసి పైన రాసి సంతకం పెట్టి ఇస్తా మేడమ్, రెండు నిమిషాలు" అని కన్నడంలో అన్నాడు.

నిన్నటి దాకా ఆఫీసరంటే కుర్చీలోంచి లేచి నిలబడే రమ్యశ్రీ, కౌంటరు అంచు గట్టిగా పట్టుకుంది. "దిద్దితే మా బ్యాంకు తీసుకోదు సార్. దీన్ని రద్దు చేసి కొత్తది ఇవ్వండి. అర్జీ ఈయన రాసి సంతకం పెడతారు. పొరపాటు మీది కాబట్టి చార్జీ వేయకండి."

మౌనేశ్ లోపలికి వెళ్ళి మేనేజరుతో మాట్లాడి వచ్చాడు. మొహం చిన్నబుచ్చుకున్నా పని మాత్రం చకచకా చేశాడు. సహన అర్జీ రాసింది, సుంకప్ప కింద సంతకం పెట్టాడు, పాత డ్రాఫ్టు మీద రద్దు ముద్ర పడింది. ప్రింటరు బాగయ్యిందట, కాసేపు గరగరమని కొత్త కాగితం కక్కింది. రెండు సంతకాలయ్యేసరికి పదిన్నర దాటింది. పదకొండింటికి మాన్వి బస్సు. అది తప్పితే ఒంటిగంటకు చేరలేరు.

"పదండక్కా, బస్సులో చూసుకుందాం" అంది సహన కంగారుగా.

"లేదమ్మా. ఇక్కడే. తేడా ఉంటే బస్సులో ఎవరు దిద్దుతారు?" అని రమ్యశ్రీ కౌంటరు ముందే గొంతు విప్పింది. "ప్రిన్సిపాల్, తుంగవాణి పారామెడికల్ కాలేజీ, మాన్వి. కట్టినవారు సుంకప్ప. తేదీ ఈరోజుది. రూపాయలు ముప్ఫై ఎనిమిది వేల..."

ఫోన్ మోగింది.

తెరమీద అత్తగారి పేరు. ఎత్తింది.

"ఏం లేదే. జ్వరం పూర్తిగా పోయింది. ఇడ్లీ తింది. నువ్వు దడుస్తూ ఉంటావని చెప్తున్నా. పెట్టేస్తున్నా" అని రాజ్యలక్ష్మి గబగబా పెట్టేసింది.

రమ్యశ్రీ కళ్ళు తుడుచుకుంది. బయట బస్టాండు వైపు నుంచి హారన్. సహన కాళ్ళు నేల మీద నిలవడం లేదు. రమ్యశ్రీ డ్రాఫ్టు పట్టుకుని, "ముప్ఫై ఎనిమిది వేల..." అని అందుకోబోయింది.

"ఆగు తల్లీ" అన్నాడు సుంకప్ప. "నడుమ ఆపితివి గదా. మొదట్నుంచి సదువు. బస్సు పోతే ఏదన్న జీపు మాట్లాడుకుందాం."

ఆమె ఆయన వైపు చూసింది. ఎనిమిది నెలలు లైన్లో నిలబడ్డవాళ్ళ విసుగు చూసిందే గానీ, మళ్ళీ చదవమన్నవాళ్ళను చూడలేదు. మొదట్నుంచీ చదివింది. పేరు. తేదీ. మాటల్లో ముప్ఫై ఎనిమిది వేల ఐదు వందలు మాత్రమే. అంకెల్లో మూడు, ఎనిమిది, ఐదు, సున్నా, సున్నా.

"మీ నోటితో చెప్పండి."

"ముప్పై ఎనిమిది వేల అయిదు వందలు" అన్నాడు సుంకప్ప, గుళ్ళో గోత్రం చెప్పినంత శ్రద్ధగా. కౌంటరు వెనక మౌనేశ్ కూడా తెలియకుండానే పెదవులు కదిపాడు.

తర్వాత ముగ్గురూ పరుగు. కదులుతున్న బస్సును కండక్టరు తిట్టుకుంటూ ఆపాడు. సుంకప్ప ముందెక్కి, చెయ్యందించి ఆమెను పైకి లాగాడు. మాన్వి దాకా సహన ఆమె పక్కనే కూర్చుంది. "మీరు ఏం సదివిన్రక్కా?" అని అడిగింది.

"సెకండ్ పీయూసీ. సగం" అంది రమ్యశ్రీ. ఈసారి గొంతు తగ్గించలేదు.

పన్నెండూ ఇరవైకి కాలేజీ గడప తొక్కారు. విరూపాక్ష కౌంటరు పక్కకు జరిగి తన కుర్చీ చూపించాడు. "కూసో. సదువు. పైసలు కట్టినోళ్ళు ఇనాలె" అన్నాడు. లైన్లో ఎవరో ఉసూరుమన్నారు. ఆమె మళ్ళీ ఒకసారి చదివింది. నిన్నటి రసీదు వెనక్కి తీసుకుని, కొత్త డ్రాఫ్టు నంబరుతో వేరే రసీదు రాసింది. లిస్టులో సహన పేరు పక్కన పడిన టిక్కును విరూపాక్ష వేలితో తడిమి చూసి, ఆ కాగితం మేడమ్ గదికి పంపించాడు.

సుంకప్ప సంచిలోంచి ఒక మూట తీసి బల్ల మీద పెట్టాడు. వేయించిన పల్లీలు, బెల్లం. "మీ బిడ్డకు బాగలేదంట గదా. జ్వరం పోయినంక నోటికి రుచి గావాలె. ఉండలు చేసి పెట్టు."

రమ్యశ్రీ వద్దనలేదు. రెండు చేతులతో అందుకుంది. గడప బయట సహన చెప్పులేసుకుంటోంది. ఆ పిల్ల ఆ గడప దగ్గర రెండేళ్ళపాటు రోజూ చెప్పులు విప్పబోతోందని తలుచుకుంటే కడుపు నిండినట్టయింది.

విరూపాక్ష మెల్లగా అడిగాడు. "ఇంటికి తాళం వేసి వచ్చినవా పొద్దున?"

"అత్తయ్య ఉందండి" అంది. వెనక తలుపు సంగతి పొద్దుట్నుంచీ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. "ఆవిడ చూసుకుంటుంది."

లైన్లో తర్వాతి మనిషి డ్రాఫ్టు చాపాడు. ఆమె అందుకుని, ఫోన్ తీసి సొరుగులో పెట్టి, పేరు దగ్గర్నుంచి మొదలుపెట్టింది.